‘0.0001 మైక్రాన్’ నుంచి గిన్నె అడుగున తెల్ల పొర దాకా: ఒక వాటర్ ప్యూరిఫయర్ పాంప్లెట్ కేస్ స్టడీ

చిన్న వ్యాపారాలకు తెలుగులో, కన్నడలో ప్రకటనలు రాసిపెట్టడం నా పని. ఈ కేసులో డీలర్ ఎవరో, ఏ కంపెనీ ఫిల్టరో, ఏ అపార్ట్‌మెంట్లో చెప్పడం లేదు. మోడల్ వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను, ఎందుకంటే ఈ కేసంతా వాటి మీదే నడిచింది.

నేపథ్యం

డీలర్‌ది అనంతపురం వైపు. తూర్పు బెంగళూరులో షాపు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్ళు బాగా ఎక్కువ. అందుకే పాంప్లెట్ ఒక వైపు కన్నడ, ఇంకో వైపు తెలుగు వేయిస్తాడు. ఆదివారం పేపర్లో పెట్టించడం, అపార్ట్‌మెంట్ సంతల్లో పంచడం అతని పద్ధతి.

ఆ ప్రాంతం నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. 2007లో బెంగళూరు నగర పాలక పరిధిలోకి 110 గ్రామాలు వచ్చి చేరాయి. మహదేవపుర వైపు చాలా భాగం వాటిలోదే. అక్కడ కావేరి పైపు రాకముందే అపార్ట్‌మెంట్లు లేచాయి. ఏళ్ళ తరబడి బోరు, ట్యాంకర్, తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్: ఇదే అలవాటు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఎంత ఇబ్బంది పడ్డారో అందరికీ గుర్తే. అదే ఏడాది అక్టోబరులో ఆ 110 గ్రామాల కోసం కావేరి ఐదో దశ మొదలైంది. కాబట్టి ఇప్పుడు ఒకే వీధిలో ఒక బిల్డింగ్‌కి కావేరి, పక్క బిల్డింగ్‌కి బోరు, ఆ పక్కదానికి రెండూ కలిసిన సంపు. ఫిల్టర్ అమ్మేవాడికి ఇది చాలా ముఖ్యమైన విషయం. డీలర్ పాత పాంప్లెట్లో దీని ఊసే లేదు.

సమస్య

పాత పాంప్లెట్ కంపెనీ బ్రోషర్‌కి తెలుగు నకలు. పైన పెద్ద అక్షరాలతో "7 దశల ఆర్వో + యూవీ + యూఎఫ్ + టీడీఎస్ కంట్రోలర్". కింద "0.0001 మైక్రాన్ మెంబ్రేన్, 2000 పీపీఎం వరకు, గంటకు 15 లీటర్లు, 8 లీటర్ల స్టోరేజ్, 60 వాట్లు". ఆ కింద ఫోన్ నంబరు.

"ఫోన్లు వస్తాండాయన్నా, కానీ అందరూ రేటు ఒక్కటే అడిగి పెట్టేస్తారు" అన్నాడు డీలర్. కారణం అందులోనే ఉంది. పాంప్లెట్ చదివిన మనిషికి అర్థమైన ఒకే ఒక్క సంగతి అది ఫిల్టర్ అని. ఇక అడగడానికి మిగిలింది ధరే. ధర అడిగినవాళ్ళు ఆన్‌లైన్లో ఇంకో ఐదారు ధరలు చూస్తారు, అక్కడ ఇతను నిలబడలేడు.

రెండో సమస్య నేను షాపు రిజిస్టర్ చూస్తే బయటపడింది. ఫిర్యాదుల కాలమ్‌లో "నీళ్ళు చప్పగా ఉన్నాయి" అన్న మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఆ అడ్రస్‌లు ఏవో అడిగితే చాలావరకు కావేరి నీళ్ళు వచ్చే బిల్డింగ్‌లే. అసలే ఉప్పు తక్కువ ఉన్న నీళ్ళకు ఆర్వో పెడితే ఉన్న కాస్త ఖనిజాలూ పోయి నోటికి రుచి తెలియకుండా అవుతాయి. అవసరం లేని ఇంటికి అమ్మిన మెషీన్ సర్వీసు ఫోన్ల రూపంలో తిరిగి వస్తోంది.

మొదట ప్రయత్నించినవి, ఎందుకు నిలబడలేదంటే

డీలర్ మనసులో ఒక క్యాప్షన్ ముందే ఉంది: "మీరు తాగుతున్నది విషమా?" దానికి తోడు సంతలో ఒక డెమో. రెండు జతల లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని ఒక గ్లాసు కుళాయి నీళ్ళలో, ఒక గ్లాసు ఆర్వో నీళ్ళలో ముంచి కరెంటు ఇస్తారు. నిమిషంలో కుళాయి నీళ్ళు గోధుమ రంగులోకి తిరిగి, మీద తెట్టు కడుతుంది. ఆర్వో నీళ్ళు తేటగా ఉంటాయి. చూసేవాళ్ళు బెంబేలెత్తిపోతారు.

ఆ రంగు నీళ్ళలోది కాదు, కడ్డీది. నీళ్ళలో లవణాలు ఉంటే కరెంటు పారుతుంది, ఇనుప కడ్డీ కరిగి తుప్పు రంగు తేలుతుంది. ఆర్వో నీళ్ళలో లవణాలు దాదాపు లేవు కాబట్టి కరెంటు పారదు, రంగూ రాదు. నిక్షేపంలాంటి మంచి నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి చూపించినా ఆ గ్లాసు గోధుమ రంగే అవుతుంది. నేను షాపులోనే, ఆర్వో నీళ్ళలో కల్లుప్పు వేసి అతనికి చేసి చూపించాను. బెంగళూరులో ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఈ సంగతి తెలిసిన ఇంజనీరు ఒకరైనా ఉంటారు. ఆయన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాస్తే షాపు పేరు పోతుంది. అది లెక్కల మాట. దానికి ముందు, అది మోసం. డెమో, దాని మీద నిలబడిన క్యాప్షన్ రెండూ పక్కన పెట్టాం.

తర్వాత ఆరోగ్యం దారి. "కిడ్నీలో రాళ్ళు రావు, జుట్టు రాలదు" అని రాయమన్నాడు. రాళ్ళ మాటకు ఈ షాపు చూపించగల రుజువేదీ లేదు. జుట్టు సంగతి ఇంకా సూటి: ఈ ఫిల్టర్ వంటింట్లో ఉంటుంది, తలస్నానం నీళ్ళు దాని గుండా వెళ్ళవు. ఇలాంటి మాటలు వేసి కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో షరతులు పెట్టే దారి కూడా లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మాట ఏ భాషలో చెప్తే షరతూ ఆ భాషలోనే, ఆ అక్షరాల్లోనే ఉండాలి.

మూడోది అందరికీ చప్పున తట్టేది: "స్వచ్ఛమైన నీరు, ఆరోగ్యమైన కుటుంబం". దీన్నీ నమూనాగా ప్రింట్ తీసి సంతకు తీసుకెళ్ళాం. నా పరీక్ష ఒకటే. పాంప్లెట్ చేతికిచ్చి, చదివాక తీసేసుకుని, "ఇందులో ఏముందండీ?" అని అడుగుతాను. ఎక్కువమంది "ఏదో ఫిల్టర్ గురించి" అన్నారు. పాత పాంప్లెట్‌కీ ఇదే జవాబు. అంకెలు తీసేసినంత మాత్రాన అర్థం రాదని అక్కడ స్పష్టంగా తేలింది.

అదే సంతలో పని దారికి వచ్చింది. ఒకావిడ, నలభై దాటి ఉంటాయి, పాంప్లెట్ మడిచి సంచీలో పెట్టుకుంటూ, "ఇవన్నీ సరే గానీ బాబూ, మా నీళ్ళు కాచిన గిన్నెకి అడుగున సున్నం కొట్టినట్టు తెల్లగా పట్టేస్తుంది. ఇది పెడితే పోతుందా?" అని అడిగింది. పక్కావిడ అందుకుని, "అదొక్కటే కాదక్కా, పప్పు కూడా ఉడికి చావదు" అంది. నిలబడ్డవాళ్ళంతా తలూపారు.

పనిచేసింది: అంకె నుంచి వంటింటి దాకా

ఆ తర్వాత ప్రతి స్పెసిఫికేషన్‌నూ మూడు ప్రశ్నల మీదుగా నడిపించాను. దీనివల్ల వంటింట్లో కంటికి కనబడే మార్పు ఏది? అది ఏ నీళ్ళకైతే నిజం? కొన్నాక ఆమె తనంతట తానే సరిచూసుకోగలదా? మూడింటికీ జవాబు లేని అంకె పాంప్లెట్ ఎక్కదు.

ముందు మెంబ్రేన్. 0.0001 మైక్రాన్ అంటే నీళ్ళలో కరిగిపోయిన లవణాలను కూడా ఆపగలిగినంత సన్నని పొర. పంపు ఒత్తిడితో నీళ్ళను దాని గుండా తోస్తారు, లవణాల్లో సుమారు తొంభై శాతం, కొత్త మెంబ్రేన్ అయితే అంతకంటే ఎక్కువే, వెనక ఆగిపోతాయి. మేం చూసిన ఒక బోరు ఇంట్లో కరిగిన లవణాలు ఎన్నున్నాయో చూపే టీడీఎస్ మీటరు 900 చూపించింది, ఫిల్టర్ నుంచి వచ్చిన నీళ్ళు 75 దగ్గర. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500లో మంచిదనుకునే పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఈ అంకెలు ఆమెకు చెప్పాల్సిన పని లేదు. ఆమెకు కనబడేది తెల్ల పొర.

తెల్ల పొరనే ఎందుకు ఎంచుకున్నాం, పప్పును ఎందుకు కాదు? పప్పు సంగతి కూడా నిజమే. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు గింజ గోడలను గట్టిగా పట్టి ఉంచుతాయి, ఉడకడానికి ఆలస్యమవుతుంది. కానీ పాత పప్పు కూడా ఉడకదు. ఫిల్టర్ కొన్న ఆవిడ పాత కందిపప్పు పోసి, ఉడకలేదని ఫోన్ చేస్తే మనం చెప్పేదేముంది? తెల్ల పొరకు అలాంటి చిక్కు లేదు. నీళ్ళు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్, కాల్షియం కార్బనేట్‌గా మారి అడుగున పడుతుంది. నిమ్మరసం పోసి కాసేపుంచితే కరిగిపోతుంది, అంటే అది అదే. ఫిల్టర్ పెట్టాక శుభ్రమైన గిన్నెలో ఆ నీళ్ళు కాచి చూస్తే తేడా ఆమె కళ్ళముందే ఉంటుంది. పైగా ఈ ప్రశ్న తనంతట తానే జల్లెడ పడుతుంది. కావేరి నీళ్ళ ఇంట్లో ఆవిడ గిన్నెకు అంత పొర కట్టదు కాబట్టి ఈ పాంప్లెట్ తనది కాదని ఆమెకే తెలుస్తుంది. అందుకే పొర శీర్షికలోకి వెళ్ళింది. పప్పు సేల్స్ కుర్రాడి మాటల్లో ఉండిపోయింది, "కొత్త పప్పు అయితే" అన్న షరతుతో.

గంటకు 15 లీటర్లు అన్నది నన్ను కొంచెం ఆపింది. మెషీన్‌లో ఉన్నది రోజుకు 75 గ్యాలన్ల మెంబ్రేన్. అమెరికా గ్యాలన్ సుమారు 3.785 లీటర్లు, అంటే పరీక్ష పరిస్థితుల్లో రోజుకు 284 లీటర్లు, గంటకు పన్నెండు లోపే. ఉప్పు ఎక్కువైనా, నీళ్ళు చల్లగా ఉన్నా ఇంకా తగ్గుతుంది. ఆ పదిహేను బ్రోషర్‌లో ఉన్నంత మాత్రాన పాంప్లెట్‌లోకి తెచ్చుకోలేం. అసలు ఇల్లాలికి గంట లెక్క అక్కర్లేదు. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకి కలిపి రోజుకు పదిహేను, ఇరవై లీటర్లు, అంటే దాదాపు ఒక క్యాన్. ఆమె పోటీ పెట్టి చూసేది వేరే కంపెనీ ఫిల్టర్‌తో కాదు, క్యాన్‌తో. క్యాన్ అబ్బాయి ఎప్పుడొస్తాడో తెలియని టెన్షన్, ఆ క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించడం, ఇవీ ఆమె కష్టాలు. కాబట్టి "పొద్దున లేచేసరికి ట్యాంకులో ఎనిమిది లీటర్లు సిద్ధం, వాడేకొద్దీ నిండుతుంది, క్యాన్ కోసం ఎదురుచూడక్కర్లేదు" అని రాశాం. ఈ మోడల్‌లో కుళాయి ట్యాంకు కిందే ఉంది కాబట్టి కరెంటు పోయినా ట్యాంకులో ఉన్నంతవరకు నీళ్ళు వస్తాయి. ఆ మాట కూడా చేర్చాం.

యూవీ దీపం క్రిములను చంపుతుంది, నీళ్ళలో కరిగినదాన్ని ఏమీ చేయదు. దీన్ని "కాచి చల్లార్చే పని తప్పుతుంది" అని మార్చాం. దీపం ఏడాదికోసారి మార్చాలి, లేకపోతే వెలుగు కనబడుతున్నా బలం తగ్గిపోయి ఉంటుంది. అందుకే ఆ వాక్యంలోనే "ఏడాదికోసారి దీపం మారిస్తే" అన్న మాట చేరింది. డీలర్‌కు ఇది మొదట నచ్చలేదు, తర్వాత సర్వీసుకు పిలిచే కారణం కూడా అదేనని ఒప్పుకున్నాడు.

"7 దశలు", "60 వాట్లు", "టీడీఎస్ కంట్రోలర్" మూడూ పోయాయి. కంట్రోలర్ గురించి కొంత వాదన జరిగింది. చాలామంది దాన్ని ఖనిజాలు కలిపే మెషీన్‌గా అమ్ముతారు. నిజానికి అదొక చిన్న వాల్వ్, ఆర్వో గుండా వెళ్ళని నీళ్ళను కొంచెం తిరిగి కలుపుతుంది. రుచికి మంచిదే. కానీ బోరు నీళ్ళలో నైట్రేటో ఫ్లోరైడో ఎక్కువుంటే అవి కూడా కొంత వెనక్కి వస్తాయి. దాన్ని ఎంత తిప్పాలన్నది ఇంటింటికీ మారుతుంది, బిగించేటప్పుడు మీటరు పెట్టి చూసుకోవాల్సిన పని. పాంప్లెట్‌లో లాభంగా చెప్పే విషయం కాదు.

దాచాలా, చెప్పాలా

అసలు పంచాయితీ వృథా నీళ్ళ దగ్గర వచ్చింది. ఇలాంటి ఇంటి ఆర్వోలో లోపలికి వెళ్ళిన నీళ్ళలో పావు వంతు, కాస్త ఎక్కువ మాత్రమే తాగే నీళ్ళవుతాయి. మిగిలింది సన్న పైపు గుండా సింక్‌లోకి పోతుంది. ఇరవై లీటర్లు తాగే నీళ్ళకు యాభై, అరవై లీటర్లు పక్కకు. ట్యాంకర్ కొనుక్కునే ఊళ్ళో ఇది చిన్న మాట కాదు. "ఇది రాస్తే ఎవరు కొంటారన్నా?" అన్నాడు డీలర్.

నా వాదన ఇదీ. సంతలో ధర తర్వాత ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇదే, "నీళ్ళు ఎంత పోతాయి?" మనం రాయకపోయినా ఆమెకు తెలుసు. తెలిసిన విషయం పాంప్లెట్‌లో లేకపోతే మిగతా వాక్యాల మీద కూడా నమ్మకం సడలుతుంది. చెప్తూ, ఆ నీళ్ళతో ఏం చేయవచ్చో కూడా చెప్తే అది ఆమెకు పనికొచ్చే సమాచారం అవుతుంది. 900 టీడీఎస్ నీళ్ళు లోపలికి వెళ్తే పక్కకు పోయేవి 1200 పైన ఉంటాయి. ఇల్లు తుడవడానికి, బాత్రూంలో పోయడానికి ఇబ్బంది లేదు. కుండీ మొక్కలకు రోజూ పోస్తే మాత్రం మట్టిలో ఉప్పు పేరుకుంటుంది, అందుకే మొక్కల పేరు ఎత్తలేదు.

చివరికి అచ్చయిన తెలుగు వైపు ఇలా ఉంది:

> నీళ్ళు కాచిన గిన్నెకు తెల్ల పొర కడుతోందా?
> ముందు మీ నీళ్ళు చూస్తాం. తర్వాతే ఫిల్టర్ మాట.
>
> బోరు, ట్యాంకర్ నీళ్ళు వాడే ఇళ్ళకు ఈ ఆర్వో ఫిల్టర్. నీళ్ళలో కరిగిన ఉప్పు చాలావరకు తీసేస్తుంది. ఆ నీళ్ళు కాచి చూడండి, గిన్నె మీకే చెప్తుంది.
>
> పొద్దున లేచేసరికి ఎనిమిది లీటర్లు సిద్ధం. వాడేకొద్దీ నిండుతుంది. క్యాన్ కోసం ఎదురుచూడక్కర్లేదు.
>
> ఏడాదికోసారి దీపం మారిస్తే, కాచి చల్లార్చే పని తప్పుతుంది.
>
> లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు పక్కకు పోతాయి. బకెట్ పట్టుకుంటే ఇల్లు తుడవడానికి, బాత్రూంకి వాడుకోవచ్చు.
>
> మీకు కావేరి నీళ్ళే వస్తుంటే ఆర్వో అవసరం పడకపోవచ్చు. తక్కువ ధరలో యూవీ ఫిల్టర్ చూపిస్తాం.

కింద ధర, దాని పక్కనే అంతే సైజులో ఏడాదికి అయ్యే ఫిల్టర్ల ఖర్చు. స్పెసిఫికేషన్లు పూర్తిగా మాయం కాలేదు. కావాలన్నవాళ్ళకు వాట్సాప్‌లో పంపే కాగితంలోకి వెళ్ళాయి, "15 లీటర్లు" బదులు "12 లీటర్ల వరకు" అని సరిచేసి.

ఈ పాంప్లెట్‌ను సంతలో అదే పద్ధతిలో పరీక్షించాం. చేతిలోంచి తీసుకుని అడిగితే, "తెల్ల పొర పోయే ఫిల్టర్ అట, ముందు నీళ్ళు చూస్తారంట" అన్నారు. ఒక పెద్దాయన కావేరి వాక్యం చూపించి, "ఇట్లా ఎవరూ రాయరే" అని పాంప్లెట్ జేబులో పెట్టుకున్నారు.

ఫలితం, దాని హద్దులు

ఫోన్లు అమాంతం పెరిగాయని చెప్పను. మారింది ఫోన్లలోని మాట. "రేటెంత?" బదులు "నీళ్ళు చూడ్డానికి ఎప్పుడొస్తారు?" అని మొదలవుతున్నాయి. ఇంటికి వెళ్ళాక అమ్మకం అయ్యే వీలు ఎక్కువ, బేరం తక్కువ. కావేరి ఇళ్ళలో యూవీ అమ్మితే డీలర్‌కు లాభం తగ్గుతుంది, అది దాచిపెట్టే విషయం కాదు. అయితే ఆ ఇళ్ళ నుంచి "చప్పగా ఉన్నాయి" అన్న ఫిర్యాదులు రావడం ఆగింది.

"నీళ్ళు చూస్తాం" అన్న మాటకు ఒక కంచె అవసరమైంది. కుర్రాళ్ళు తీసుకెళ్ళేది టీడీఎస్ మీటరు. అది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి కరిగిన లవణాల అంచనా ఇస్తుంది, అంతే. క్రిములు దానికి కనబడవు. మురుగు కలిసిన నీళ్ళకు కూడా 150 చూపించవచ్చు. అందుకే పాంప్లెట్‌లో "ఉచిత నీటి పరీక్ష" అని రాయడానికి ఒప్పుకోలేదు. కుర్రాళ్ళకు ఒక వాక్యం నేర్పాం: "అమ్మా, ఇది ఉప్పు ఎంతుందో మాత్రమే చెప్తుంది. క్రిముల సంగతి తెలియాలంటే ల్యాబ్‌కి పంపాలి."

ఇంకో చిక్కు ఇప్పటికీ ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో కావేరి నీళ్ళు, బోరు నీళ్ళు ఒకే సంపులో కలుస్తాయి. వానాకాలంలో 250 ఉన్న కుళాయి ఏప్రిల్‌లో ట్యాంకర్ మొదలయ్యాక 700 చూపించవచ్చు. ఒక్కరోజు అంకె మీద ఆర్వో కావాలో వద్దో తేల్చలేం. కాబట్టి మీటరు పెట్టేది సంపు దగ్గర కాదు, వంటింటి కుళాయి దగ్గర. తేదీ, అంకె, ఆ రోజు నీళ్ళు ఎక్కడివో పాంప్లెట్ వెనక రాసి ఇచ్చి వస్తారు. అటూ ఇటూ తేలని ఇళ్ళకు వేసవిలో మళ్ళీ వచ్చి చూస్తామని చెప్పి, అప్పటిదాకా ఏదీ అమ్మరు.